ముందుమాట నేను రాయనన్నాను

మిల్లు చాళ్లలో పుట్టి పెరిగిన పిల్లలు ఇప్పుడు యాభై దాటినవాళ్లు. తల్లిదండ్రుల గురించి పుస్తకాలు రాస్తున్నారు, సొంత డబ్బుతో అచ్చేయించుకుంటున్నారు. అచ్చుకు ముందు అందరూ వెతికేది ముందుమాట రాసే మనిషిని. మన పత్రికలో నలభై ఏళ్లుగా నా పేరు కనపడుతుంది కాబట్టి కొందరు నా దగ్గరికి వస్తారు. ఈ ఏడాది ఫిబ్రవరి మొదటి వారంలో వచ్చిన ఒక రాతప్రతికి నేను రాయనని చెప్పాను. ఎందుకు చెప్పానో, నాకు బదులు ఎవర్ని అడగమన్నానో రాస్తే పనికొస్తుందని సంపాదకులు అన్నారు. రాసినామె అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేర్లు మాత్రం వద్దంది.

పుస్తకం వాళ్ల అమ్మ నడిపిన ఖానావళి గురించి. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియకపోవచ్చు. నల్లగొండ నుంచో, పాలమూరు నుంచో, కరీంనగర్ నుంచో ఒంటరిగా బొంబాయి వచ్చిన మొగవాళ్లు ఒక ఖోలీలో పది పదిహేను మంది సర్దుకుని పడుకునేవాళ్లు. వండుకోను చోటూ లేదు, టైమూ లేదు. అదే చాల్‌లో కుటుంబంతో ఉన్న ఆడమనిషి వాళ్లకు నెలవారీ లెక్కన వండిపెట్టేది. పగారు రోజున డబ్బులిచ్చేవాళ్లు. అదే ఖానావళి. మరాఠీ ఆడవాళ్లు నడిపినవి ఎక్కువ, మన తెలుగువాళ్లవి కూడా వర్లీలో, లోయర్ పరేల్‌లో ఉండేవి. ఈమె వాళ్ల అమ్మ దగ్గర పద్నాలుగు మంది తినేవాళ్లు.

రాతప్రతి తెచ్చిన రోజు ఆమె అడిగిన మాట ఇది: "కాకా, నువ్వు ముందుమాట రాస్తే ఎవ్వరూ ఏమనరు."

ఆ "ఎవ్వరూ ఏమనరు" అన్న దగ్గరే ఉంది విషయమంతా. ఆరో అధ్యాయంలో ఆమె అమ్మ బాకీల పుస్తకం గురించి రాసింది. 1982 జనవరి 18న సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది బయటికొచ్చారు. పగారు లేదు. తినేవాళ్లు ఒకట్రెండు నెలలు బాకీ పెట్టి తిన్నారు, తర్వాత ఊళ్లకు పోయారు. కిరాణా కొట్టువాడికి బాకీ పడ్డది మాత్రం వండిన మనిషి. పుస్తెలు కుదువకు పోయాయి. ఆ పుస్తకంలో ఉన్న పేర్లు, బాకీలు ఆమె ఉన్నదున్నట్టు ఎక్కించింది. ఆ పేర్ల కొడుకులు, మనవలు మన సంఘంలోనే ఉన్నారు. పెద్దమనిషి ముందుమాట ఉంటే వాళ్ల నోళ్లు మూతపడతాయని ఆమె ఆశ.

ఎనిమిది రోజుల్లో చదివాను. తొమ్మిదో రోజు జవాబు రాశాను. ఇంత తొందర ఎందుకంటే ఆమె పుస్తకం మే 1న విడుదల చేయాలనుకుంటోంది. పేజీలన్నీ ఏప్రిల్ పదికల్లా ప్రెస్సుకు చేరాలి. అంటే ముందుమాట మార్చి నెలాఖరుకు చేతికి రావాలి. రాసే మనిషికి చదవడానికీ రాయడానికీ కనీసం నెల కావాలి. నేను మొహమాటపడి "చూద్దాం బిడ్డా" అని ఊరుకుని మార్చి ఇరవైన కాదంటే, ఆమెకు ఇంకొకర్ని అడిగే వ్యవధే ఉండదు. చివరికి ఎవరో ఒకరు పుస్తకం తెరవకుండా రాసిన రెండు పేజీలు అచ్చవుతాయి. కొత్త రచయితకు "చూద్దాం" అనే మాట "కాదు" కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

కాదనడానికి నాకున్న కారణాలు రెండు. రెండూ ఉత్తరంలో రాశాను.

ఒకటి, నేను ఆ ఖానావళిలో ఒక్క ముద్ద తిన్నవాణ్ణి కాను. నాకు పెళ్లయ్యాకే బొంబాయి వచ్చాను, ఇంట్లో తిన్నాను. పని కూడా వీవింగ్ ఖాతాలో కాదు, టైమాఫీసులో. హాజరీ పట్టీలు రాసేవాణ్ణి. ఎవరు మూడో షిఫ్టుకు పోయారో నా పుస్తకంలో ఉంటుంది, ఆ మనిషి రాత్రి పదకొండుకు ఏం తిని పోయాడో ఉండదు. ఆమె పుస్తకం మొత్తం ఆ తిండి గురించే.

రెండు, మన పత్రికలో వచ్చే పుస్తకాలను పరిచయం చేసేది నేనే. ముందుమాట రాసిన చేత్తోనే పరిచయం కూడా రాస్తే చదివేవాళ్లకు అనుమానం వస్తుంది, రావాలి కూడా. ఈ పుస్తకానికి నా పరిచయం ఎక్కువ పనికొస్తుందని నాకనిపించింది. ముందుమాట చదివేది పుస్తకం కొన్నవాళ్లు. పరిచయం చదివేది ఇంకా కొననివాళ్లు.

"టైం లేదు" అని రాయలేదు. రిటైరయినవాడికి టైం లేదంటే ఎవరు నమ్ముతారు? "నేనెంతవాణ్ణి" అనీ రాయలేదు. అలా అంటే వాళ్లు ఇంకో రెండుసార్లు బతిమాలుతారు, అది వాళ్లకు చిన్నతనం. ఉత్తరం చివర ఇంకో వాక్యం పెట్టాను: "ఈ ఉత్తరం నీకు రాసింది, అచ్చుకు కాదు." ఇది నవ్వులాటకు కాదు. కాదని రాసిన ఉత్తరంలో రెండు మంచి మాటలు కనపడితే వాటినే "పెద్దల ఆశీస్సులు" అని మొదటి పేజీలో వేసుకున్న పుస్తకాలు నా అలమారాలో ఉన్నాయి.

మంచి మాటలు రాశాను కానీ పేజీ నంబరు వేసి రాశాను. ఉత్త "బాగుంది" అంటే ఆమెకు ఏం తెలుస్తుంది? మూడో అధ్యాయంలో ఒక్క స్టవ్ మీద మూడు షిఫ్టుల వంట ఎలా నడిచిందో చెప్పింది. ఏడు గంటల షిఫ్టువాడికి ఆరుకల్లా డబ్బా కట్టాలి. మూడున్నర షిఫ్టువాడు రెండున్నరకు కూచుంటాడు. అర్ధరాత్రి షిఫ్టువాడు పదకొండుకు. మధ్యలో ఏడింటి షిఫ్టువాడు తిరిగొస్తాడు. కిరోసిన్ ఎంత, రొట్టెలు ఎన్ని, ఎవరికి జొన్నరొట్టె, ఎవరికి అన్నం పచ్చిపులుసు, అన్నీ ఉన్నాయి. ఇరవై రెండో పేజీలో భోంగా మోతను బట్టి పప్పులో నీళ్లు పోసే సంగతి ఉంది. తెలుగులో ఇలాంటి పేజీ నేనింతవరకు చదవలేదని రాశాను, అది నిజం.

ఐదో అధ్యాయం సగానికి తగ్గించమని కూడా రాశాను. అందులో సమ్మె చరిత్ర ఉంది, దత్తా సామంత్ ఉపన్యాసాలున్నాయి, పత్రికల్లో వచ్చినవి ఎత్తి రాసింది. అవి వేరే పుస్తకాల్లో దొరుకుతాయి. సమ్మె మొదలైన రోజు వాళ్లమ్మ పద్నాలుగు మందికి వండి కూచుంటే ఎంతమంది వచ్చారు, మిగిలిన అన్నం ఏం చేసింది అన్నది ఒకే ఒక్క పేరాలో ముగించింది. అది పెరగాలి, ఇది తగ్గాలి.

ఆరో అధ్యాయం గురించి విడిగా రాశాను. ముందుమాట గొడుగు కాదు. నా పేరున్నా లేకున్నా, ఫలానా వాళ్ల నాయన అన్నం బాకీ ఎగ్గొట్టాడని అచ్చులో కనపడితే ఆ ఇంటివాళ్లు ఊరుకోరు. పైగా పెద్దమనిషి ముందుమాట ఉంటే "వీళ్లంతా కలిసే చేశారు" అంటారు. ఆ భయానికి మందు ఆమె చేతిలోనే ఉంది. పేర్లు మార్చాలి, ఊళ్ల పేర్లు తీసేయాలి, బాకీ ఎన్ని నెలలో మాత్రం ఉంచాలి. "నా మాట"లో పేర్లు మార్చానని ఒక వాక్యం రాయాలి. చదివేవాళ్లకు కావలసింది వండిన మనిషి ఎంత మునిగిందన్నది, ముంచిన మనిషి ఇంటిపేరు కాదు.

ఇక ఎవర్ని అడగాలి? ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. మనం ముందుమాట, తొలిపలుకు, పీఠిక, ఆప్తవాక్యం అని రకరకాల పేర్లు పెడతాం గానీ, ఇంకొకరు రాసే ఆ పేజీలు చేసే పనులు వేరువేరు. శ్రీశ్రీ "మహాప్రస్థానం"కు చలం రాసిన "యోగ్యతాపత్రం" అందరికీ తెలిసిందే. చలం అది 1940లో రాశాడు, పుస్తకం 1950లో అచ్చయింది. అది ఒక పెద్ద రచయిత తనకంటే చిన్నవాణ్ణి చూపించి, వీణ్ణి ఎలా చదవాలో చెప్పిన ముందుమాట. ఇంకో రకం మన గిరణ్‌గావ్ పుస్తకంలోనే ఉంది. నీరా అడార్కర్, మీనా మీనన్ మిల్లు కార్మికుల మాటలు సేకరించి 2004లో "వన్ హండ్రెడ్ ఇయర్స్ వన్ హండ్రెడ్ వాయిసెస్" అని తెచ్చారు. దానికి చరిత్రకారుడు రాజ్‌నారాయణ్ చందావర్కర్ పెద్ద పీఠిక రాశారు. లోపల మాట్లాడేవాళ్లు తమ ఖోలీ, తమ మిల్లు గురించి చెప్తే, ఆ పీఠిక మొత్తం పేట చరిత్ర చెప్తుంది. మూడో రకం సాక్షి. పుస్తకంలో చెప్పింది జరిగింది, నేనక్కడున్నాను అని చెప్పే మనిషి. రచయిత తనే చెప్పుకునేది వీటిలో చేరదు, దాన్ని "నా మాట" అంటారు. గురజాడ 1897లో "కన్యాశుల్కం" మొదటి కూర్పుకు తన పీఠిక తానే రాసుకున్నాడు, అదీ ఇంగ్లీషులో.

ఈ పుస్తకానికి పేరున్న రచయిత అక్కర్లేదు, కవిత్వం కాదు కాబట్టి ఎలా చదవాలో చెప్పే పనిలేదు. కావలసింది సాక్షి. వీలైతే, ఖానావళులు ఒక్క తెలుగువాళ్ల సంగతి కాదని రెండు ముక్కల్లో చెప్పే మనిషి కూడా.

నేను ముగ్గుర్ని చెప్పాను. మొదటి మనిషి వాళ్లమ్మ దగ్గర పదకొండేళ్లు తిన్న వీవరు. ఇప్పుడు ఎనభై దగ్గర, భివండీలో కొడుకు దగ్గర ఉంటాడు. రెండో ఆమె అన్నపూర్ణా మహిళా మండల్‌లో పనిచేసిన మరాఠీ మనిషి. ఆ మండల్‌ను ప్రేమా పురవ్ 1975లో పెట్టింది. ఖానావళి ఆడవాళ్లను గుంపులుగా చేర్చి, ఒకరికొకరు జామీను ఉండేలా బ్యాంకు అప్పులు ఇప్పించి వడ్డీ వ్యాపారుల నుంచి తప్పించడం దాని మొదటి పని. ఆమె మరాఠీలో చెప్తే తెలుగు చేసుకోవచ్చు. మూడో మనిషి మున్సిపల్ తెలుగు బడిలో ఈమెకు చదువు చెప్పిన పంతులుగారు. ఆయన రాస్తే సాక్ష్యం ఉండదు గానీ, ఆ పిల్ల పొద్దున బడికి మసాలా వాసనతో వచ్చేదని చెప్పగలడు. మండల్ ఆమెకూ పంతులుగారికీ నేనే ఫోన్ చేసి, నంబరు ఇవ్వొచ్చా అని అడిగాను. అడగకుండా నంబర్లు ఇచ్చి పంపితే అవతలివాళ్లకు చెడ్డ ఇరకాటం. వీవరుకు మాత్రం చేయలేదు. ఆయన్ను ఆమె ఫోనులో కాదు, భివండీకి పోయి అడగాలి.

ఆమె మొదట ఒప్పుకోలేదు. "మామకు రాయడం రాదు కదా కాకా" అంది. దానికంటే పెద్ద అడ్డం, బాకీల పుస్తకంలో ఆయన పేరు కూడా ఉంది. రెండు నెలలు.

"అందుకే అడుగు" అన్నాను.

ఇంకో సంగతి, సంఘంలో కాయితం ఖర్చు భరిస్తానన్న దాత ఒకాయన ఉన్నాడు. తనదీ ఒక ముందుమాట ఉండాలని ఆయన కోరిక. ఇంకో ఇద్దరు నాయకులు "శుభాకాంక్షలు" పంపుతామన్నారు. ఇక్కడ మర్యాదల సంగతి పక్కనపెట్టి లెక్క చూద్దాం. డెమ్మీ ఎనిమిదో వంతు సైజులో ఒక ఫారం అంటే పదహారు పేజీలు. ఆమె విషయం 98 పేజీలకు తేలింది. టైటిలు, దాని వెనక వివరాలు, అంకితం, విషయసూచిక కలిపి నాలుగు. "నా మాట" రెండు. మొత్తం 104. ఏడు ఫారాలంటే 112, అంటే ఎనిమిది పేజీలు మిగులుతాయి. అందులో వాళ్లమ్మ ఫోటో, బాకీల పుస్తకంలోని పేజీల ఫోటోలు కలిపి నాలుగు. ఇక నాలుగే ఉన్నాయి. దాతకు మూడు, ఇద్దరు నాయకులకు మూడేసి ఇస్తే తొమ్మిది, వీవరు మాట రెండు కలిపితే పదకొండు. ఏడు పేజీలు ఎక్కువ. అంటే ఇంకో అర ఫారం వేయాలి, దాని కాయితమూ అచ్చూ ప్రతి కాపీ మీదా పడుతుంది. లేదంటే ఫోటోలు తీసేసినా సరిపోదు, విషయంలోనే కోయాలి. దాత పేరు కృతజ్ఞతల్లో ఒక వాక్యంలో ఉండాలని, ఆయనకు మొదటి కాపీ ఇవ్వాలని చెప్పాను. ఆయన కొంచెం ముఖం మాడ్చుకున్నాడు గానీ డబ్బు వెనక్కి తీసుకోలేదు. నాయకుల శుభాకాంక్షలు విడుదల రోజు మైకులో చదువుతారు. మైకుకు ఫారాల లెక్క లేదు.

మార్చి రెండో ఆదివారం ఆమె భివండీ పోయింది. పోయే ముందు ఎలా అడగాలో మాట్లాడుకున్నాం. "ముందుమాట చెప్పు మామా" అంటే ఆయన బెదిరిపోతాడు. ముందు మూడో అధ్యాయం చదివి వినిపించాలి, తర్వాత ఆరోది, తన పేరున్న చోటు దాచకుండా. అప్పుడు ఏ ఏడు వచ్చినవ్, ఏ షిఫ్టు, అమ్మ దగ్గరికి ఎవరు తీసుకొచ్చిండ్రు, ఏం తినేటోడివి అని అడగాలి. ఫోనులో రికార్డు పెట్టి, అనుమతి అడిగి పెట్టాలి. రాసుకునేప్పుడు ఆయన మాటను పుస్తకాల తెలుగులోకి మార్చొద్దు. "వచ్చిండు" అన్నది "వచ్చాడు" కాకూడదు. రాసింది మళ్లీ చదివి వినిపించి, సరే అన్నాక సంతకం తీసుకోవాలి. ఆ సైజు పేజీకి పదమూడు పాయింట్ల అక్షరంలో సుమారు 250 మాటలు పడతాయి, కాబట్టి ఐదు వందల మాటల్లో ఆపాలి.

ఆమె గంటన్నర రికార్డు తెచ్చింది. బాకీ సంగతి ఆయనే ఎత్తాడట. సమ్మెలో ఊరికి పోయి, ఏడాదికి తిరిగొచ్చి, భివండీ సాంచాల మీద చేరి, నాలుగేళ్ల తర్వాత వర్లీకి పోయి ఆ రెండు నెలల డబ్బులు ఇచ్చాడట. "అక్క లెక్క కొట్టేయలే. పైసలు తీస్కొని పెన్ను నా చేతికే ఇచ్చింది. కొట్టెయ్యి తమ్మీ అన్నది" అన్నాడు. ఈమెకు ఆ సంగతి తెలియదు. పుస్తకం తీసి చూస్తే ఆ ఒక్క గీత వేరే సిరాలో ఉంది. ఆరో అధ్యాయంలో ఆ పేరా తిరగరాసింది.

కానీ ఇంకో మాట కూడా అన్నాడు. నెలాఖరుకు పప్పు పలచనయ్యేదట, అడిగితే అక్క కసురుకునేదట. పుస్తకంలోనేమో అమ్మ ఏనాడూ తక్కువ పెట్టలేదని ఉంది. ఈమె ఆ వాక్యం ముందుమాట నుంచి తీసేస్తానంది. రెండు రోజులు వాదించుకున్నాం.

"మా అమ్మను తక్కువ చేసినట్టు అయితది కాకా."

"కిరాణావాడు నెలాఖరుకు ఉద్దెర ఆపేసేవాడని నువ్వే నాలుగో అధ్యాయంలో రాసినవ్ కదా బిడ్డా. మరి పప్పు ఎక్కడినుంచి చిక్కనైతది?"

ఆమె జవాబు చెప్పలేదు. సాక్షిని పిలిచి, మనకు నచ్చిన ముక్కే ఉంచుకుంటే అది సాక్ష్యం కాదని నా అభిప్రాయం. పుస్తకం ఆమెది, తేల్చుకోవాల్సింది ఆమె. వారం తర్వాత ప్రూఫులో చూశాను. పప్పు పలచనయ్యే మాట ముందుమాటలో అలాగే ఉంది. "ఏనాడూ తక్కువ పెట్టలేదు" అన్న తన వాక్యం దగ్గర "పద్నాలుగు మందిలో ఎవర్నీ పస్తు పడుకోనివ్వలేదు" అని మార్చింది.

మండల్‌లో పనిచేసినామె పొడుగు ముందుమాట రాయలేనంది కానీ, ఖానావళి ఆడవాళ్ల అప్పుల గురించి మరాఠీలో ఒక పేజీ చెప్పింది. దాన్ని తెలుగు చేసి పుస్తకం చివర వేస్తున్నారు. పంతులుగారు ముందుమాటకు బదులు ప్రూఫులు దిద్దారు. నిజం చెప్పాలంటే ఆ పనే ఎక్కువ అవసరం. ఒత్తులు, దీర్ఘాలు కలిపి మూడు వందల చోట్ల పట్టుకున్నారు.

ముందుమాట కింద పేరు ఎలా వేయాలని అడిగితే ఆ వీవరు, అందరి పేర్లు మార్చినా తనది మార్చొద్దన్నాడట. పేరు కింద ఊరు కాదు, తాను పనిచేసిన ఖాతా, షిఫ్టు, బిల్లా నంబరు వేయమన్నాడు. అట్లనే వేశారు. నా పరిచయం పుస్తకం వచ్చాక, జూన్ సంచికలో.